పోయిన వారం ఏం పని చేశావు?

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ నెట్‌వర్కుల పని చేసేవాళ్లకు పార్క్‌లేన్ తెలియకుండా ఉండదు. అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ని మేమంతా సీటీసీ అంటాం. కేబుల్ కావాలన్నా, పాత స్విచ్చుకు అడాప్టర్ కావాలన్నా ముందు వెళ్లేది అక్కడికే. మా ఆఫీసు ఆ దగ్గర్లోనే. ఆస్పత్రులు, స్కూళ్లు, షోరూములు, చిన్న ఫైనాన్స్ కంపెనీల నెట్‌వర్కులు, సర్వర్లు, మెయిల్ అకౌంట్లు చూసుకోవడం మా పని. డిగ్రీ అయ్యాక మా దగ్గర చేరే పిల్లలు ఏడాది తిరక్కముందే ఒక మాట అడుగుతారు: "అన్నా, ఏ సర్టిఫికేషన్ చెయ్యమంటవ్?"

అడిగిన వెంటనే ఒక పేరు చెప్పి పంపెయ్యొచ్చు. సీసీఎన్‌ఏ అనో, ఏడబ్ల్యూఎస్ అనో, అజూర్ అనో. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న బోర్డులన్నీ ఆ పనే చేస్తున్నాయి. బోర్డుకు ఎదుటి మనిషి ఎవరో తెలియదు. పక్క సీట్లో కూర్చుని రోజూ అతని పని చూసే సీనియర్‌కు తెలుసు. ఆ తేడా సలహాలో కనబడాలి. అందుకే పరీక్ష పేరు నోటిదాకా వచ్చినా ఆపుకుని ముందు కొన్ని ప్రశ్నలు అడుగుతాను. మొదటిది ఎప్పుడూ ఇదే: పోయిన వారం ఏం పని చేశావు? టికెట్లు తీసి చూపించు.

జనగామ నుంచి వచ్చిన ఒక అబ్బాయి సంగతి చెబితే ఈ ప్రశ్న ఎందుకో అర్థమవుతుంది. బీఎస్సీ కంప్యూటర్స్ చదివాడు. వారాసిగూడలో స్నేహితులతో కలిసి గది తీసుకుని ఉంటున్నాడు. మా దగ్గర డెస్క్‌టాప్ సపోర్టులో చేరాడు. "మా ఫ్రెండ్సందరు క్లౌడే చెయ్యమంటున్నరు అన్నా, నెట్‌వర్కింగ్ పని అయిపోయిందట గద" అంటూ వచ్చాడు. టికెట్లు తెరిచాం. పాస్‌వర్డ్ మార్చడాలు, ప్రింటర్ డ్రైవర్లు, కేబుల్ చివర్లు క్రింప్ చేయడం, యాంటీవైరస్ ఎక్కించడం. అందరి జాబితాల్లోనూ ఉండేవే. వాటి మధ్య ఒకటి మాత్రం వేరుగా కనిపించింది.

మేం చూసే ఒక ఆస్పత్రిలో బిల్లింగ్ కౌంటర్ల దగ్గరి స్విచ్ చెడిపోతే రాత్రి డ్యూటీ వాళ్లు కొత్తది పెట్టారు. తెల్లారి చూస్తే కొన్ని కౌంటర్లు పనిచేస్తున్నాయి, కొన్నిటికి సర్వర్ అందడం లేదు. ఈ అబ్బాయి వెళ్లి పనిచేయని కంప్యూటర్‌లో ipconfig కొడితే వచ్చింది ఇది:

```
Autoconfiguration IPv4 Address. . : 169.254.87.12
Subnet Mask . . . . . . . . . . . : 255.255.0.0
Default Gateway . . . . . . . . . :
```

ఈ 169.254 అనేది చాలా విషయం చెబుతుంది. విండోస్ కంప్యూటర్ ఆన్ అవగానే "నాకో అడ్రస్ ఇవ్వండి" అని డీహెచ్‌సీపీ సర్వర్‌ను అడుగుతుంది. ఎవరూ పలకకపోతే ఆ శ్రేణిలోంచి ఒక అడ్రస్ తనకు తానే పెట్టుకుంటుంది. కేబుల్ ఊడిపోతే అసలు ఈ అడ్రస్ కూడా రాదు, మీడియా డిస్‌కనెక్టెడ్ అని వస్తుంది. అంటే కార్డు బతికే ఉంది, కేబుల్ బతికే ఉంది, అడిగినదానికి జవాబు మాత్రం రాలేదు. మిగతా కౌంటర్లు పనిచేస్తున్నాయి కాబట్టి లోపం ఈ కంప్యూటర్‌కూ సర్వర్‌కూ మధ్య ఎక్కడో ఉంది.

ఆ అబ్బాయికి అప్పటికి ఇదంతా తెలియదు. కానీ టికెట్‌లో ఇలా రాశాడు: పక్క కౌంటర్ అడ్రస్ 10తో మొదలవుతోంది, దీనిది 169తో మొదలవుతోంది, రెండు కౌంటర్ల కేబుళ్లు స్విచ్ దగ్గర అటూ ఇటూ మార్చి పెట్టాను, ఇప్పుడు ఇది బాగైంది, అది చెడింది, కాబట్టి తప్పు కంప్యూటర్‌ది కాదు, కేబుల్‌ది కాదు, స్విచ్‌లో ఆ రంధ్రానిది. పోర్టు అనే మాట కూడా వాడలేదు. సీనియర్ వెళ్లి స్విచ్‌లో show vlan brief చూస్తే ఆ పోర్టులు ఇంకా వీలాన్ 1లోనే ఉన్నాయి. కొత్త స్విచ్ పెట్టెలోంచి తీసినప్పుడు అన్ని పోర్టులూ వీలాన్ 1లోనే ఉంటాయి. రాత్రి వాళ్లు కొన్నిటిని వీలాన్ 30కి మార్చి మిగతావి వదిలేశారు. బిల్లింగ్‌కు అడ్రసులిచ్చే ఏర్పాటు ఉన్నది 30లో. ఒక్కో పోర్టుకు చేయాల్సిన పని ఇంతే:

```
interface FastEthernet0/14
 switchport mode access
 switchport access vlan 30
```

ఈ టికెట్ చదివాక అతని గురించి నాకు కావాల్సినది చాలావరకు తెలిసింది. ఎవరూ చెప్పకుండానే ఒక్కో కారణాన్ని విడదీసి పక్కన పెట్టాడు. నెట్‌వర్క్ పనికి కావాల్సిన బుద్ధి అదే. స్నేహితుల మాట విని క్లౌడ్ వైపు వెళ్లినా తప్పు లేదు. అయితే అతని చేతికి రోజూ తగులుతున్నది స్విచ్చులు, కేబుళ్లు, అడ్రసులు. క్లౌడ్ కన్సోల్ అతను ఆఫీసులో ఒక్కసారి కూడా తెరవలేదు. తెరవాల్సిన అవసరం వచ్చే సూచనా లేదు. మొదటి సర్టిఫికేషన్ అనేది ఇప్పటికే చేతిలో ఉన్న పనికి పేర్లు పెట్టి, కారణాలు చెప్పి, ఒక అడుగు పైకి తీసుకెళ్లేదిగా ఉండాలని నా అభిప్రాయం. రెండోది, మూడోది ఎటైనా పోవచ్చు.

అయినా అక్కడితో సీసీఎన్‌ఏ అని చెప్పలేదు. రెండో ప్రశ్న ఒక కాగితం మీద రాసిచ్చాను. 192.168.10.77, /26. ఇది ఏ నెట్‌వర్కులోది? అందులో మొత్తం ఎన్ని కంప్యూటర్లు పెట్టొచ్చు? అతనికి రాలేదు. రాకపోవడం నాకు ముఖ్యం కాదు. "వారం టైమ్ తీసుకో. క్యాలిక్యులేటర్ లేకుండా, ఎందుకట్ల వచ్చిందో నాకు చెప్పు" అన్నాను. /26 అంటే 32 బిట్లలో 26 నెట్‌వర్కుకు పోయి, మిగిలిన 6 బిట్లతో 64 అడ్రసుల చొప్పున గదులు ఏర్పడతాయి: 0 నుంచి 63, 64 నుంచి 127, ఇలా. 77 పడేది రెండో గదిలో. కాబట్టి నెట్‌వర్క్ 192.168.10.64, చివరిదైన 127 బ్రాడ్‌కాస్ట్, మధ్యలో 62 కంప్యూటర్లకు చోటు.

వారానికి కాగితం నిండా లెక్కలు వేసుకుని వచ్చాడు. /26తో ఆగకుండా /27, /28 కూడా వేశాడు. ఈ వారం గడువు నేను అందరికీ పెడతాను. "నీకు ఈ రంగంలో ఆసక్తి ఉందా?" అని అడిగితే లేదనేవాళ్లు ఎవరూ ఉండరు. ఒక చిన్న ముక్క ఇచ్చి, ఆఫీసు పని మధ్య దాన్ని ఏం చేసుకొచ్చారో చూస్తే ఆసక్తి సంగతి తెలుస్తుంది, చదవడానికి టైమ్ దొరుకుతోందా లేదా అన్న సంగతీ తెలుస్తుంది. వారం తర్వాత ఏమీ తేలేదంటే అతను బద్ధకస్తుడని నేననుకోను. రెండో షిఫ్టు చేసి రాత్రి పదకొండింటికి గదికి చేరేవాళ్లుంటారు. ఇంట్లో ఎవరికో బాగోలేనివాళ్లుంటారు. అలాంటివాళ్లకు ఆర్నెల్ల పరీక్ష ఇప్పుడు వద్దని చెప్పడమే సాయం.

మూడో ప్రశ్న జూనియర్‌కు కాదు, సీనియర్ తనకు తాను వేసుకోవాల్సింది. వచ్చే ఆర్నెల్లలో ఈ పిల్లవాడికి ఆ పని చేసే అవకాశం నేను ఇప్పించగలనా? దీన్ని నేను చాలా గట్టిగా పట్టించుకుంటాను. సిలబస్‌ను పక్కన పెట్టుకుని అతని టికెట్లతో సరిచూశాం. సీసీఎన్‌ఏ పరీక్ష కోడు 200-301. సిస్కో దీన్ని 2020 ఫిబ్రవరిలో తెచ్చింది. అంతకుముందు రెండు పరీక్షలుగా రాసే వీలుండేది, అప్పట్నుంచి ఒక్కటే. అందులో నెట్‌వర్క్ మూలాలకు 20 శాతం, స్విచ్చుల వైపు ఉండే నెట్‌వర్క్ యాక్సెస్‌కు 20, రౌటింగ్ ఉండే ఐపీ కనెక్టివిటీకి 25, ఐపీ సర్వీసులకు 10, సెక్యూరిటీకి 15, ఆటోమేషన్‌కు 10. ఈ అబ్బాయి రోజువారీ పని మొదటి రెండింటిని కొంత తాకుతోంది. డీహెచ్‌సీపీ లాంటివి సర్వీసుల్లో వస్తాయి. అన్నిటికంటే బరువైన రౌటింగ్ మాత్రం అతని కంటికి ఎప్పుడూ పడదు. మా క్లయింట్ల రౌటర్లు పట్టుకునేది సీనియర్లు మాత్రమే.

ఆ ఖాళీని ఎలా పూడ్చాలన్నది సలహాలో భాగం. మా మేనేజర్‌తో మాట్లాడి రెండు క్లయింట్ల స్విచ్చులకు చూడటానికి మాత్రమే అనుమతి ఉన్న లాగిన్ ఇప్పించాను. మార్పులు చేయలేడు కానీ నిజమైన నెట్‌వర్క్ లోపల ఎలా ఉంటుందో చూడగలడు. రౌటింగ్ కోసం ప్యాకెట్ ట్రేసర్. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో ఉచితంగా నమోదు చేసుకుంటే వస్తుంది. ఇక్కడే ఇంకో చిన్న ప్రశ్న: నీ ల్యాప్‌టాప్‌లో ర్యామ్ ఎంత? అతనిది 4 జీబీ. ప్యాకెట్ ట్రేసర్‌కు సరిపోతుంది. అదే రెడ్‌హ్యాట్ లైనక్స్ పరీక్షకు చదవాలంటే రెండు మూడు వర్చువల్ మెషీన్లు ఒకేసారి నడపాలి, ఆ ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది. ముందే అడక్కపోతే పుస్తకం సగం చదివాక ల్యాప్‌టాప్ కొనుక్కోవాల్సి వస్తుంది, లేదా చదువు ఆగిపోతుంది.

సీటీసీలో పాత స్విచ్ ఒకటి కొనమంటావా అని అడిగాడు. వద్దన్నాను. ఈ పరీక్షకు ప్యాకెట్ ట్రేసర్ చాలు. ఆఫీసు స్టోర్‌లో పక్కన పడేసిన పాత 2960 స్విచ్ ఒకటి ఉంటే దాన్ని సాయంత్రాలు వాడుకోమన్నాను. సాఫ్ట్‌వేర్‌లో దొరకని రెండు మూడు పనులకే అది కావాలి. కన్సోల్ కేబుల్ పెట్టి ల్యాప్‌టాప్‌లో సరైన పోర్టు పట్టుకోవడం అందులో ఒకటి. పాస్‌వర్డ్ మర్చిపోయిన స్విచ్‌ను ముందున్న మోడ్ బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేసి మళ్లీ చేతిలోకి తెచ్చుకోవడం ఇంకొకటి. ఈ రెండూ మా పనిలో రోజూ అక్కరకొస్తాయి.

రౌటింగ్ సాధనకు నేను పెట్టే పద్ధతి ఒకటే: కట్టు, చెడగొట్టు, కనుక్కో. మూడు రౌటర్లను ఈథర్‌నెట్‌తో కలిపి ఓఎస్‌పీఎఫ్ నడిపించాలి. ఇద్దరు స్నేహితులుంటే ఒకరు గదిలోంచి బయటికెళ్లాలి, ఇంకొకరు ఏదో ఒకటి చెడగొట్టాలి. ఒక రౌటర్‌లో ఏరియా నంబరు మార్చడం, లేదా ఇంటర్‌ఫేస్ మాస్క్ మార్చడం, లేదా హలో టైమర్ మార్చడం. మూడింటిలో ఏది చేసినా show ip ospf neighbor కొడితే పక్క రౌటర్ కనబడదు. బయటికి కనిపించే లక్షణం ఒకటే, కారణాలు మూడు. ఏది అసలు కారణమో వరసగా తేల్చుకోవడం వచ్చినవాడు పరీక్షలో ప్రశ్న ఎలా తిప్పి అడిగినా తడబడడు. ఆస్పత్రి స్విచ్ దగ్గర అతను చేసిన పని కూడా ఇదే జాతిది.

ఇదే సమయంలో మా టీమ్‌లో ఇంకో అమ్మాయి కూడా అదే సీసీఎన్‌ఏ అడిగింది. "అందరూ అదే చేస్తున్నారు సార్, నేను వెనకబడిపోతానేమో" అంది. ఆమె టికెట్లు తెరిస్తే స్విచ్ ఊసే లేదు. కొత్త ఉద్యోగులకు అకౌంట్లు తెరవడం, మానేసినవాళ్లవి ఆపేయడం, మెయిల్‌బాక్సులు, ఎవరికి ఏ ఫోల్డర్ చూసే అనుమతి ఉండాలన్న పంచాయితీలు. పైగా ఆమె చూసే ఒక క్లయింట్ తమ ఫైళ్లను అజూర్‌కు మార్చబోతున్నాడు. ఆమెకు సీసీఎన్‌ఏ చెప్పడం అంటే చేతిలో ఉన్న పనిని వదిలేసి చేతికి అందనిదాన్ని చదవమనడం. ఏజడ్-104 వైపు వెళ్లమన్నాను. అందులో అకౌంట్లు, అనుమతులు పెద్ద భాగం, అవి ఆమెకు వచ్చు. ముందు ఏజడ్-900 రాయాలా అని అడిగింది. అది మాటల అర్థాలు తెలుసో లేదో చూసే పరీక్ష. రాస్తే నష్టం లేదు. కానీ పని వచ్చని అది రుజువు చేయదు. రోజూ అడ్మిన్ పోర్టల్‌లో ఉండే మనిషి దాని కోసం ఆగాల్సిన పని లేదని నా అభిప్రాయం. క్లౌడ్ అంటే ఏమిటో ఎప్పుడూ చూడనివాళ్లకైతే అది మంచి మెట్టు.

ఆమెకు ఇచ్చిన హెచ్చరిక ఒకటుంది. మైక్రోసాఫ్ట్ కొత్త అకౌంటుకు 30 రోజులు వాడుకునేలా 200 డాలర్ల క్రెడిట్ ఇస్తుంది. దాని గడువు ఎప్పుడు ముగుస్తుందో క్యాలెండర్‌లో రాసుకోవాలి. ఆ తర్వాత డబ్బు కట్టి వాడుకునే ఖాతాగా మార్చుకుంటే, నేర్చుకోవడానికి తెరిచిన వర్చువల్ మెషీన్‌ను మర్చిపోయి వదిలేసిన ప్రతి గంటకూ బిల్లు పడుతుంది. లోపలి నుంచి షట్‌డౌన్ చేసినంత మాత్రాన ఆ బిల్లు ఆగదు. పోర్టల్‌లో మెషీన్ ఆగిపోయి, కేటాయింపు రద్దయినట్టు చూపించాలి. ఇంకా మంచి పని ఏమిటంటే, ఆ రోజు సాధనకు ఒక రిసోర్స్ గ్రూపు తెరిచి, లేచేముందు ఆ గ్రూపునే చెరిపెయ్యడం.

నాలుగో ప్రశ్న: ఈ సర్టిఫికెట్ ఎవరు చదువుతారు? ఇది వినగానే చాలామంది "కంపెనీలు చదువుతయి గదా" అంటారు. ఏ కంపెనీలు? నాకు కావాల్సింది అది. తార్నాకలో రైల్వేవాళ్ల సిగ్నల్, టెలికాం శిక్షణ సంస్థ ఇరిసెట్ ఉంది, 1957 నుంచి నడుస్తోంది. రైల్వే సిగ్నల్ పనిలో సామర్థ్య పత్రం అంటే ఫలానా రకం పరికరం మీద ఈ మనిషి పనిచేయొచ్చన్న అనుమతి. ఎవరు చూస్తారు, ఎందుకు చూస్తారు అన్న అనుమానమే అక్కడ రాదు. మా రంగంలో అలా కాదు. సీసీఎన్‌ఏ లేకపోయినా రౌటర్ ముట్టుకోవద్దని ఎవరూ అనరు. కాబట్టి ఎవరి దగ్గర దానికి విలువ ఉందో మనమే వెతుక్కోవాలి.

దానికి ఆ అబ్బాయి చేత ఒక పని చేయించాను. హైదరాబాద్‌లో తను చేరాలనుకునే ఉద్యోగాల ప్రకటనలు ఒక పది తీసి, ప్రతిదాన్లో అడిగిన సర్టిఫికేషన్ ఒక రంగులో, అడిగిన పని అనుభవం ఇంకో రంగులో గీత గీయమన్నాను. నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్లలో షిఫ్టు ఉద్యోగాలకు సీసీఎన్‌ఏ ఎక్కువసార్లు కనబడింది. పరికరాలు అమ్మి బిగించే కంపెనీలు కూడా దాన్ని అడుగుతున్నాయి. వాళ్లకు స్వంత కారణం ఉంది. సిస్కో దగ్గర భాగస్వామి హోదా నిలబెట్టుకోవాలంటే సర్టిఫికెట్లున్న మనుషులను చూపించాలి. టెండర్లలోనూ ఇంతమంది సర్టిఫికెట్ ఉన్న ఇంజనీర్లుండాలని అడుగుతుంటారు. అలాంటి చోట ఆ కాగితానికి ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లకముందే విలువ ఉంటుంది. మామూలు సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రకటనల్లో అసలు ఆ పేరే రాలేదు. ఆ రంగుల కాగితం చూసుకున్నాక, నెట్‌వర్కింగ్ పని అయిపోయిందన్న మాట అతను మళ్లీ ఎత్తలేదు.

ఐదోది డబ్బు. ఈ మాట ఎత్తడానికి సీనియర్లు మొహమాటపడతారు, పడకూడదు. సీసీఎన్‌ఏ ఫీజు 300 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుంటే 25,500. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 30,090 రూపాయలు. మా దగ్గర కొత్తగా చేరినవాళ్లకు అది నెల జీతం కంటే ఎక్కువ. తప్పితే కనీసం 5 రోజులు ఆగి, మళ్లీ అంతా కట్టి రాయాలి. అందుకే "ఈ డబ్బు ఎవరు కడుతున్నారు, పోతే ఇంట్లో ఏమవుతుంది?" అని సూటిగా అడుగుతాను. కోచింగ్ కోసం ఊళ్లో అప్పు చేసి డబ్బు తెచ్చేవాళ్లున్నారు. అలాంటివాళ్లకు పరీక్ష తేదీ తీసుకోవడం చిట్టచివరి పనిగా పెట్టాలి. కంపెనీయే కడతానంటే ఆ కాగితం తెచ్చి చూపించమంటాను. పాసైతేనే ఇస్తారా, ముందే ఇస్తారా? ఇచ్చాక ఎన్నాళ్లు మానకూడదు? మానేస్తే మొత్తం కట్టాలా, మిగిలిన నెలల లెక్కన కట్టాలా? ముప్పై వేల కోసం రెండేళ్ల బాండు రాసివ్వడం ఏ కుర్రవాడికీ లాభం కాదు, నేను వద్దనే చెబుతాను.

గడువు కూడా డబ్బు లెక్కలోదే. సీసీఎన్‌ఏ 3 ఏళ్లు చెల్లుతుంది. ఆలోపు ఇంకో పరీక్ష రాయాలి, లేదా సిస్కో లెక్కగట్టే 30 క్రెడిట్లు సంపాదించాలి. ఏజడ్-104 ఏడాదికోసారి ముగుస్తుంది, అయితే ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఉచితంగా పొడిగించుకోవచ్చు. ఏజడ్-900కు గడువే లేదు. ఆపైన, సర్టిఫికేషన్లు మొత్తానికే మాయమైపోతుంటాయి. ఒకప్పుడు మన ఊళ్లో గోడలనిండా కనిపించిన ఎంసీఎస్ఈని మైక్రోసాఫ్ట్ 2021 జనవరి చివరికల్లా ఆపేసింది. అందుకే సీనియర్లు తాము పాతికేళ్ల కింద చేసినదాన్ని జూనియర్లకు అలాగే అప్పజెప్పకూడదు. ఈ రోజు ఆ పరీక్ష ఏ రూపంలో ఉందో సంస్థ వెబ్‌సైట్‌లో చూశాకే నోరు విప్పాలి.

ఆరో ప్రశ్న నేను నవ్వకుండా అడుగుతాను: డంపులు చదువుతావా? పరీక్షలో వచ్చిన ప్రశ్నలను దొంగతనంగా బయటికి తెచ్చి అమ్మేవాటిని మా దగ్గర డంపులంటారు. వాట్సాప్‌లో దొరుకుతాయి, కొన్ని కోచింగ్ సెంటర్లే చేతిలో పెడతాయి. అది పరీక్షకు ముందు మనం ఒప్పుకున్న నిబంధనలకు విరుద్ధం. బయటపడితే సర్టిఫికెట్ రద్దు కావచ్చు, మళ్లీ రాయనివ్వకపోవచ్చు. నాకు అంతకంటే పెద్ద బాధ వేరే ఉంది. ఇంటర్వ్యూలకు కూర్చున్నప్పుడు, సర్టిఫికెట్ ఉన్న పిల్లలను నేను ట్రంక్ పోర్టులో నేటివ్ వీలాన్ అంటే ఏమిటని అడుగుతాను. చదివినవాళ్లు ట్యాగ్ లేకుండా వెళ్లే ఫ్రేముల గురించి చెబుతారు. రెండు వైపులా వేరే వేరే నంబర్లుంటే ఏమవుతుందో కూడా కొందరు చెబుతారు. డంపులు బట్టీ పట్టినవాళ్లు "ఆప్షన్ సి సార్" అన్నట్టు ఒక్క నంబరు చెప్పి ఆగిపోతారు. ఆ క్షణంలో వాళ్ల మొహం చూడటం నాకు కష్టంగా ఉంటుంది. ముప్పై వేలు పెట్టి కొన్న కాగితం వాళ్లకే ఎదురు సాక్ష్యం అవుతుంది. అది లేకుండా వచ్చి ఉంటే తెలియనిది తెలియదని చెప్పే హక్కు వాళ్లకుండేది.

అందుకే "ఫీజు ఎప్పుడు కట్టాలి?" అన్నదానికి నేను పెట్టే గీటురాయి మార్కులు కాదు. ఖాళీ ప్యాకెట్ ట్రేసర్ తెరిచి, ఏ నోట్సూ చూడకుండా, రెండు స్విచ్చులు, మూడు వీలాన్లు, మధ్యలో ట్రంకు, వీలాన్ల మధ్య రౌటింగ్, అడ్రసులిచ్చే డీహెచ్‌సీపీ, చివర్లో ఓఎస్‌పీఎఫ్ ఒక గంటలో నిలబెట్టగలగాలి. నిలబెట్టాక నేను ఒకచోట చెడగొడితే కనిపెట్టగలగాలి. అప్పుడు కట్టొచ్చు. ఆ అబ్బాయి మొదటిసారి ట్రంకు దగ్గర ఆగిపోయాడు. ఒక వైపు ట్రంక్, ఇంకోవైపు యాక్సెస్ పెట్టేశాడు. ఒక వీలాన్ పనిచేస్తూ మిగతావి పనిచేయకపోయేసరికి చాలాసేపు డీహెచ్‌సీపీలో వెతికాడు. తేదీ వెనక్కి జరిపాం. తొందరపడి ఉంటే ఆ తప్పు పరీక్ష గదిలో చేసేవాడు. సిస్కో పరీక్షలో ఒక ప్రశ్న దాటి వెళ్తే మళ్లీ వెనక్కి రాలేం.

ఇంకొక్కటి, మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు. పరీక్షకు నమోదు చేసుకున్న పేరూ, చూపించే గుర్తింపు కార్డు మీది పేరూ ఒకటిగా ఉండాలి. మనకు ఇంటిపేరు ఒక కార్డులో ఒక అక్షరంగా ఉంటుంది, ఇంకోదాన్లో పూర్తిగా ఉంటుంది, వేరొకదాన్లో చివరికి వెళుతుంది. ఆఫీసు మెయిల్‌లో ఇంకోలా ఉంటుంది. తేడా ఉంటే పరీక్షా కేంద్రంలో లోపలికి రానివ్వకపోవచ్చు, ఫీజు పోవచ్చు. అందుకే అకౌంటు తెరిచే రోజే "నీ కార్డులన్నీ తెచ్చి బల్ల మీద పెట్టు" అంటాను. ఏ కార్డు చూపిస్తారో ముందే ఎంచుకుని, దాని మీద ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే నమోదు చేయాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన అమ్మాయిలకు ఇది ఇంకా ముఖ్యం.

ఆ అబ్బాయి సీసీఎన్‌ఏ పాసయ్యాడు. ఇప్పుడు మా నెట్‌వర్క్ టీమ్‌లో ఉన్నాడు, ఆ ఆస్పత్రి స్విచ్చులు అతనే చూస్తాడు. అజూర్ అమ్మాయి పరీక్ష ఇంకా రాయలేదు. క్లయింట్ ఫైళ్ల మార్పు పనిలో ఉంది, అది ముగిశాకే రాస్తానంది, నేను సరేనన్నాను. నా దగ్గరికి వచ్చినవాళ్లలో కొందరికి ఏ పరీక్షా చెప్పలేదు. వాళ్ల టికెట్లలో ఏ దారీ ఇంకా కనబడలేదు. పని మార్పించి ఆర్నెల్ల తర్వాత రమ్మన్నాను.

సీనియర్లుగా ఉన్న తోటివాళ్లను ఒక్కటే కోరుతున్నాను. ఈసారి జూనియర్ వచ్చి ఏ సర్టిఫికేషన్ చెయ్యాలని అడిగితే, పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టండి. అతని టికెట్లు తెరిచి, ఒక అరగంట ఇద్దరూ కలిసి చదవండి.